క్యాలెండరు గడిలో నాన్న బరువు

తెనాలి దగ్గర మా ఊళ్లో, వంటింటి గుమ్మం పక్కన వేలాడే క్యాలెండరులో మూడు రకాల లెక్కలుంటాయి. పాలు రాని రోజుకు అడ్డగీత, గ్యాస్ బండ మార్చిన రోజుకు ఒక గుండ్రం. ఈ రెండూ అమ్మ లెక్కలు. ప్రతి గడిలో కింది మూలన సన్నటి అంకెల్లో ఉండేది మాత్రం నాన్నది. 61.4, 61.6, 61.3... అది ఆయన బరువు. మూడేళ్లుగా ఒక్క రోజు కూడా మానకుండా రాస్తున్నారు. బడిలో హాజరుపట్టీ రాసిన చెయ్యి కదా, అంకెలు ముత్యాల్లా ఉంటాయి.

ఆ అలవాటు మొదలవడానికి ముందు మేం చూసి కూడా పోల్చుకోలేకపోయిన సంగతులు ముందు చెప్పాలి. అవి చాలా ఇళ్లలో ఇప్పుడు కూడా జరుగుతూ ఉంటాయని నాకు తెలుసు.

నాన్నకు అప్పటికి డెబ్భై నాలుగేళ్లు. దానికి ఎనిమిదేళ్ల ముందు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆ తర్వాత బాగానే తిరిగారు. ఆ ఏడు కార్తీకమాసం నుంచి రాత్రిళ్లు మంచం మీద కాకుండా వరండాలో పడక కుర్చీలో నిద్రపోవడం మొదలుపెట్టారు. ‘లోపల ఉక్కగా ఉందమ్మా’ అనేవారు. చలికాలంలో ఉక్కేమిటని మాలో ఎవరికీ తట్టలేదు. చెప్పుల పట్టీ ఒక రంధ్రం వదులు చేసుకున్నారు. వంగి చెప్పుల పట్టీ పెట్టుకుని లేచేసరికి ఊపిరందేది కాదు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేచేవారు, అది షుగర్ అనుకున్నాం. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిందనేవారు, అది గ్యాస్ అనుకున్నాం. సంక్రాంతి ముందు ఒక రాత్రి, పడుకున్న గంటన్నరకు ఉలిక్కిపడి లేచి కూర్చుని, కిటికీ ఊచలు పట్టుకుని గాలికోసం నోరు తెరిచారు. దగ్గు, గుర్రుగుర్రుమని చప్పుడు. 108 వచ్చి గుంటూరు తీసుకెళ్లేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు.

జబ్బు పేరు హార్ట్ ఫెయిల్యూర్ అని చెప్పగానే అమ్మ గోడకు ఆనుకుని కూలబడిపోయింది. ఆ పేరు వింటే గుండె ఆగిపోయిందనే అర్థం వస్తుంది. నిజానికి గుండె ఆగలేదు, కొట్టుకుంటూనే ఉంది, ఒంటికి కావలసినంత రక్తం పంపలేకపోతోంది, అంతే. మామూలు గుండె ఒక్కో దెబ్బకు తన గదిలో నిండిన రక్తంలో సగానికి పైగా బయటికి నెడుతుంది. పాత గుండెపోటుకు కండ కొంత చచ్చుబడిన నాన్న గుండె 35 శాతమే నెడుతోందని ఎకో పరీక్షలో తేలింది. ఇంకో రకం కూడా ఉంది. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో, గుండె నెట్టే బలం బాగానే ఉంటుంది గాని గోడలు బిరుసెక్కి సరిగ్గా సాగవు. నిండాల్సినంత రక్తం నిండదు. రిపోర్టులో ‘పంపింగ్ నార్మల్’ అని ఉన్నంత మాత్రాన ఆయాసం గుండెది కాదని కొట్టిపారెయ్యకూడదు.

గుండె బలహీనపడితే నీరెందుకు పడుతుందన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. గుండె తక్కువ రక్తం పంపితే మూత్రపిండాలకు చేరేదీ తగ్గుతుంది. లోపల ఏం జరుగుతోందో వాటికి తెలియదు. ఒంట్లోంచి రక్తమో నీరో పోతోందని పొరబడి, మూత్రంలో పోవలసిన ఉప్పును వెనక్కి లాగేసుకుంటాయి. ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడ నిలుస్తుంది. ఆ నీరు రక్తనాళాల్లో నిండి, వాటి గోడల్లోంచి కిందికి జారి పగలంతా కాళ్లలో చేరుతుంది. రాత్రి వెల్లకిలా పడుకోగానే కాళ్లలోని నీరు మళ్లీ రక్తంలోకి వచ్చి గుండె మీదికి, ఊపిరితిత్తుల మీదికి వెళ్తుంది. అందుకే పడుకున్న గంటకో రెండు గంటలకో ఆయాసంతో మెలకువ వస్తుంది. కొంత నీరు మూత్రపిండాలకు కూడా చేరుతుంది కాబట్టి రాత్రే మాటిమాటికి మూత్రం వస్తుంది. నాన్న పడక కుర్చీ, చెప్పుల పట్టీ, రాత్రి లేవడం ఒకే జబ్బు తాలూకు గుర్తులని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ప్రతిసారీ డాక్టరుగారి మొదటి ప్రశ్న ఒకటే: ‘మాస్టారూ, రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు?’

ఎనిమిది రోజుల తర్వాత డిశ్చార్జి చేసేటప్పుడు వార్డులో సిస్టరుగారు నాన్న పాదం పైన, మోకాలి కింది ఎముక మీద బొటనవేలు పెట్టి పదిదాకా లెక్కపెట్టి తీశారు. గుంట పడలేదు. ‘వచ్చిన రోజు ఇక్కడ నా వేలు సగం దిగిందండీ. ఇప్పుడు నీరు పోయింది. ఈ రోజు బరువు 61.4. మీ అసలు బరువు ఇది, గుర్తుపెట్టుకోండి’ అన్నారు. చేర్పించిన రోజు ఆయన 67 కిలోలు. తిండి సహించని మనిషికి పెరిగిన ఆ అయిదున్నర కిలోలూ నీరే.

ఆ లెక్కే నన్ను కదిలించింది. లీటరు నీరు కిలో బరువుంటుంది. కాళ్ల వాపు కంటికి కనిపించేసరికే ఒంట్లో కొన్ని లీటర్లు అదనంగా చేరి ఉంటాయి. త్రాసు మాత్రం మొదటి లీటరునే పట్టేస్తుంది. ఇలా ఆసుపత్రి పాలైనవాళ్ల రోజువారీ బరువులు వెనక్కి తిరగేసి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2007లో వచ్చింది. చేరడానికి కనీసం వారం ముందునుంచే బరువు పెరగడం మొదలైందని అందులో తేలింది. ఆ వారం దొరికితే చాలు, అర్ధరాత్రి 108కి ఫోన్ చేసే అవసరం చాలాసార్లు తప్పుతుంది.

అయితే బరువు చూడటంలో కూడా ఒక పద్ధతుంది. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందు చూసుకోవాలి. రోజూ ఒకేలాంటి పలచటి బట్టలు ఉండాలి. నాన్నకైతే లుంగీ, బనియను. వంద గ్రాముల తేడా కూడా చూపించే డిజిటల్ త్రాసు గచ్చు మీద పెట్టాలి. చాప మీదో తివాచీ మీదో పెడితే అంకె తప్పుతుంది. మొదట్లో నాన్న ఒకరోజు కాఫీ తాగకముందు, ఒకరోజు టిఫిను తిన్నాక చూసుకునేవారు. ముప్పావు కిలో తేడా వచ్చి అమ్మ హడలిపోయేది. అది నీరు కాదు, ఇడ్లీలు, కాఫీ. వేళ కుదిరాక ఆ కంగారు పోయింది. ఇంకో మాట: పోల్చాల్సింది నిన్నటి అంకెతో ఒక్కదానితోనే కాదు, నీరు లేనప్పటి ఆ అసలు బరువుతో కూడా. రోజుకు రెండొందల గ్రాముల చొప్పున పెరిగితే ఏ రోజూ భయం వెయ్యదు, పది రోజులకు రెండు కిలోలవుతుంది.

ఎంత పెరిగితే ఫోన్ చెయ్యాలో డాక్టరుగారు ఫైలు అట్ట మీద రాసిచ్చారు: ఒక్క రోజులో కిలో దాటినా, మూడు రోజుల్లో రెండు కిలోలు దాటినా. దాని కింద, అలా పెరిగితే నీళ్ల మాత్ర ఎన్ని రోజులు ఎంత పెంచాలో నాన్న కిడ్నీ పరీక్షలు, బీపీ చూసి రాశారు. నీళ్ల మాత్ర అంటే ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ లాంటివి. మూత్రపిండాలు దాచుకున్న ఉప్పును బయటికి తోసేస్తాయి, దాంతో నీరు పోతుంది. ఈ కొలత ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. కిడ్నీ బలం బట్టి, మిగతా మందులు బట్టి మారిపోతుంది. అందుకే అంకె ఇక్కడ రాయడం లేదు.

ఆ చీటీ పని నాలుగు నెలల్లోనే పడింది. మే నెల రెండో వారం. క్యాలెండరులో వరసగా ఇలా ఉంది: 61.5, 61.4, 61.9, 62.4, 63.0, 63.7. నాన్నకు ఆయాసం లేదు. కాళ్లు మామూలుగానే ఉన్నాయి. ఆరో రోజు పొద్దున అమ్మ ఫోన్ చేసి, ‘మీ నాన్న ఒళ్లు చేస్తున్నారే, మామిడిపళ్ల కాలం కదా’ అంది. అంకెలు చదివించుకుని, మూడు రోజుల వెనక్కి లెక్కేశాను. ఫోన్ చెయ్యాల్సిన గీతకు రెండొందల గ్రాములు ఇవతల ఉంది, అసలు బరువు కంటే మాత్రం రెండు కిలోల పైన. ఆగకుండా డాక్టరుగారికి ఫోన్ చేశాను.

‘వారంలో కొత్తగా ఏం మారింది?’ అని అడిగారాయన. రెండు మారాయి. కొత్తావకాయ పెట్టారు, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకున్నారు.

ఆవకాయ సంగతి ముందు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ బాటిల్ చూడనివాళ్లుండరు. ఆ లీటరు నీళ్లలో ఉండే ఉప్పు 9 గ్రాములు. మన రక్తంలో ఉప్పదనం కూడా ఇంచుమించు అంతే. అంటే బయటికి పోకుండా మిగిలిపోయిన ప్రతి 9 గ్రాముల ఉప్పూ ఒంట్లో ఒక లీటరు నీటిని, అంటే కిలో బరువును పట్టి ఉంచుతుంది. ఇప్పుడు ఆవకాయ చూడండి. పచ్చడిలో పదో వంతు ఉప్పే అనుకున్నా (మనవాళ్ల పాళ్లలో అంతకంటే ఎక్కువే పడుతుంది), ఊటతో కలిపి 20 గ్రాములు వేసుకుంటే 2 గ్రాముల ఉప్పు. పొద్దున చద్దన్నంలోకి, మధ్యాహ్నం పప్పన్నంలోకి, రాత్రి పెరుగన్నంలోకి మూడుసార్లయితే 6 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన హద్దు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. కూరలో, చారులో, ఇడ్లీ పిండిలో ఉన్న ఉప్పు ఇంకా లెక్కలోకే రాలేదు. పైగా అమ్మ సంక్రాంతి నుంచి కూరల్లో ఉప్పు సగం చేసేసింది. నాలుక చప్పిడిని ఓర్చుకోలేక నాన్న చెయ్యి పచ్చడి జాడీ వైపు వెళ్లింది. తగ్గించిన ఉప్పంతా ఆ దారిన తిరిగొచ్చింది.

చప్పిడి తిండి పెట్టాలని మేం పట్టుబట్టడం కూడా తప్పేనని అప్పుడే తెలిసింది. ఉప్పును బాగా కిందికి, రోజుకు 1,500 మిల్లీగ్రాముల సోడియం కంటే తక్కువకు తగ్గిస్తే లాభముంటుందా అని ఆరు దేశాల్లో ఎనిమిది వందల మందికి పైగా రోగుల మీద పరీక్షించారు. ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాదిలో ఆసుపత్రి పాలవడంలోగాని, చావుల్లోగాని పెద్ద తేడా కనపడలేదు. దానర్థం ఉప్పు ఎంతైనా తినొచ్చని కాదు. చప్పిడి కూడు పెట్టి మనిషి నోరు కట్టేస్తే, అసలే ఆకలి లేని వృద్ధులు తిండే మానేసి కండ కరిగిపోతారు. మా ఇంట్లో ఇప్పుడు కుదిరిన ఏర్పాటు ఇది: పొద్దున్నే నాన్న వంతు ఉప్పు ఒక చిన్న గిన్నెలో కొలిచి పెడుతుంది అమ్మ. కూరలోకి, చారులోకి అందులోంచే. మజ్జిగలో, పెరుగన్నంలో ఉప్పు మానేశారు, నిమ్మకాయ పిండి కరివేపాకు నలిపి వేసుకుంటారు. ఆవకాయ ఆదివారం మాత్రం, ఊట లేకుండా ఒక్క బద్ద. అప్పడం, వడియం, ఊరమిరపకాయ, ఎండుచేప ఇంట్లోకి రావడం తగ్గాయి. కడుపుబ్బరానికి నీళ్లలో కలుపుకునే పొంగుడు పొడుల్లో కూడా సోడియం దండిగా ఉంటుందని తెలిసి వాటిని మానిపించాం.

‘లో సోడియం’ ఉప్పు కొంటే సరిపోతుందని నేనే ఒక ప్యాకెట్టు పట్టుకెళ్లాను. డాక్టరుగారు వెంటనే వద్దన్నారు. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. గుండె జబ్బుకు వాడే స్పైరనోలాక్టోన్ లాంటి కొన్ని మందులు ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. రెండూ కలిసి పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లలో కూడా పొటాషియం ఎక్కువే. ఒంటికి చలవ అని రోజుకు రెండు బోండాలు తాగించే ఇళ్లు ఈ ఒక్క సంగతి డాక్టరును అడగాలి.

ఇక నొప్పి మాత్ర. ఆవకాయ కంటే పెద్ద దోషి అదేనన్నారు డాక్టరుగారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మూత్రపిండాలకు రక్తం తెచ్చే సన్న నాళాలను ముడుచుకునేలా చేస్తాయి. ఉప్పు, నీరు లోపలే ఉండిపోతాయి. నీళ్ల మాత్ర వేసుకున్నా దాని పని సాగనివ్వవు. ఆ వారం నాన్న తిన్న ఉప్పు బయటికి పోకుండా తలుపు మూసింది ఆ మాత్రే. షాపులో చీటీ అడగలేదు, గుండె జబ్బుందా అనీ అడగలేదు. అలాంటి నొప్పులకు ఇప్పుడు పారాసిటమాల్, కాపడం, పూత మందు. అదీ మాత్ర పట్టీ ఫోటో డాక్టరుగారికి పంపాకే.

నొప్పి మాత్ర ఆపి, జాడీ అటక ఎక్కించి, చీటీలో ఉన్నట్టు మూడు రోజులు నీళ్ల మాత్ర పెంచాం. 63.0, 62.2, 61.7. నాలుగో రోజు మాత్ర పాత కొలతకు వచ్చేసింది. రక్తపరీక్ష చేయించారు, క్రియాటినిన్, పొటాషియం సరిగ్గానే ఉన్నాయి. మంచమెక్కకుండా, నిద్ర చెడకుండా గడిచిపోయింది.

అంకె కిందికి దిగినా ఊరుకోకూడదని జూన్‌లో తెలిసింది. ఎండలు ముదిరి, దానికి తోడు రెండు రోజులు విరేచనాలయ్యాయి. గడిలో 59.6. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. అప్పటికీ నాన్న నీళ్ల మాత్ర వేసుకుంటూ, ‘నీరు తగ్గాలన్నారుగా’ అని రోజుకు లీటరు కూడా తాగడం లేదు. అది ఒళ్లు ఎండిపోవడం. బీపీ పడిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. డాక్టరుగారు నీళ్ల మాత్రతో పాటు, మూత్రంలో చక్కెరను, నీటిని పంపే డాపాగ్లిఫ్లోజిన్ మాత్రను కూడా కడుపు కుదుటపడేదాకా ఆపించారు. ఇలాంటి రోజుల్లో ఏది ఆపాలో ముందే అడిగి రాయించుకుంటే మంచిది.

నీళ్ల హద్దు విషయంలో కూడా ఇప్పుడు పట్టు సడలింది. జబ్బు కుదురుగా ఉన్నవాళ్లను రోజుకు లీటరున్నరకు కట్టడి చేస్తే మేలా, దాహం వేసినంత తాగనిస్తే మేలా అని నెదర్లాండ్స్‌లో అయిదు వందల మంది మీద చూశారు. 2025లో వచ్చిన ఆ ఫలితాల్లో మూడు నెలల తర్వాత కట్టడి చేసినవాళ్ల ఆరోగ్యం మెరుగ్గా ఏమీ లేదు, దాహం బాధ మాత్రం ఎక్కువైంది. నీరు బాగా పట్టి ఉన్నవాళ్లకు, రక్తంలో సోడియం పడిపోయినవాళ్లకు ఇప్పటికీ లీటరున్నర, రెండు లీటర్ల హద్దు పెడతారు. అలా పెట్టినప్పుడు కాఫీ, మజ్జిగ, చారు, పాలు కూడా ఆ లెక్కలోవే. నాన్నకు హద్దు చెప్పలేదు. దాహానికి తాగమన్నారు, ఎండాకాలం గొంతెండనివ్వొద్దన్నారు.

కాళ్ల వాపులన్నీ గుండెవే కావు. అమ్మ కాళ్లు వాస్తే మేం భయపడ్డాం. ఆవిడ బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల వచ్చిన వాపది, మందు మారిస్తే తగ్గింది. కిడ్నీ, లివర్ జబ్బులకూ కాళ్లు పొంగుతాయి. ఒక్క కాలే వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి. మంచాన పడ్డవాళ్లకు నీరు కాళ్లలో కాక నడుం కింద చేరుతుంది, అక్కడ నొక్కి చూడాలి.

త్రాసుకు అందనివి కూడా ఉన్నాయి. కొందరికి బరువు కదలకుండానే ఉన్నట్టుండి ఆయాసం వస్తుంది. గుండె లయ తప్పినా, బీపీ ఒక్కసారి పెరిగినా అలా జరుగుతుంది. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, గులాబీ రంగు నురగ పడితే, పెదాలు నీలంగా మారితే, ఛాతీ నొప్పి వచ్చినా స్పృహ తప్పినా, త్రాసు దగ్గరికి కాదు, 108కి ఫోన్ చెయ్యాలి. అందుకే మా క్యాలెండరులో బరువు పక్కన దిండ్ల లెక్క కూడా ఉంటుంది. ‘61.8 - 2’ అంటే ఆ రాత్రి రెండు దిండ్లు.

ఇంకొకటి మాకు ఆలస్యంగా తెలిసింది. తిండి తగ్గి కండ కరిగితే బరువు దిగాలి. అదే సమయంలో నీరు చేరితే పెరగాలి. రెండూ కలిస్తే అంకె కదలదు. అందుకని డాక్టరుగారు ప్రతి రాకలోనూ కాళ్లు నొక్కి, మెడ నరం చూసి, ఛాతీ విని, అసలు బరువును మళ్లీ నిర్ణయిస్తారు. నాన్న మందులు కుదిరి, ఆకలి పుట్టి, సాయంత్రాలు చెరువుగట్టు దాకా నడవడం మొదలుపెట్టాక అంకె మెల్లగా 63 దాటింది. మేం బెదిరిపోయి తీసుకెళ్లాం. కాళ్లలో గుంట లేదు, ఒక్క దిండు మీద పడుకుంటున్నారు. ‘ఇది నీరు కాదు మాస్టారూ, మీరు తిన్న అన్నం’ అని డాక్టరుగారు ఫైలు అట్ట మీద 61.4 కొట్టేసి 63.2 అని రాశారు. ఇంటికొచ్చాక నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, క్యాలెండరులో ఆ నెల మొదటి గడి పైన ఎర్ర సిరాతో ఆ అంకె దిద్దుకున్నారు.